ఒకే కెపాసిటర్, రెండు టైమ్ కాన్‌స్టంట్లు

మా అన్నయ్య కొడుకు బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు, ఎలక్ట్రికల్ బ్రాంచి. మొన్న ఒక రాత్రి అసైన్‌మెంట్ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"బాబాయ్, మేం ముగ్గురం మూడు ఆన్సర్లు రాశాం. రేపు పొద్దున్నే సబ్మిట్ చేయాలి. టెన్షన్‌గా ఉంది."

ప్రశ్న చూడ్డానికి చిన్నదే. 12 వోల్టుల డీసీ సప్లై ఉంది. దాని తర్వాత ఒక స్విచ్, ఆ తర్వాత 15 కిలోఓముల రెసిస్టర్ R1. R1 అవతలి కొస నుంచి గ్రౌండుకు రెండు దారులు: ఒకదానిలో 30 కిలోఓముల R2, రెండోదానిలో 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ C. అంటే R2, C పక్కపక్కనే పారలల్‌లో ఉన్నాయి. కెపాసిటర్ మొదట ఖాళీగా ఉంది. t = 0 దగ్గర స్విచ్ వేశారు, 15 సెకన్ల తర్వాత తీసేశారు. కెపాసిటర్ వోల్టేజి కాలంతో పాటు ఎలా మారుతుంది? స్విచ్ తీశాక అది 1 వోల్టుకు పడిపోవడానికి ఎంతసేపు పడుతుంది?

"టైమ్ కాన్‌స్టంట్ ఎంత వేశావు?" అని అడిగాను.

"15 సెకన్లు. నా రూమ్మేట్ 45 అన్నాడు. ఇంకొకడికి 10 వచ్చింది, కానీ ఎలా వచ్చిందో వాడికీ తెలీదు."

"నీ 15 ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"R1 ఇంటూ C. సప్లై నుంచి కరెంటు R1 లోంచే కదా బాబాయ్ కెపాసిటర్‌లోకి వెళ్ళేది?"

వాడి మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కరెంటు R1 లోంచే వస్తుంది. అయినా 15 తప్పు. రూమ్మేట్ 15, 30 కలిపి 45 చేశాడు, అదీ తప్పే. ఎలా వచ్చిందో తెలియకుండా వచ్చిన 10 మాత్రం సరైనది. అదీ స్విచ్ వేసి ఉన్న 15 సెకన్ల వరకే. స్విచ్ తీసిన క్షణం నుంచి అదే కెపాసిటర్ టైమ్ కాన్‌స్టంట్ 30 సెకన్లు అవుతుంది.

కెపాసిటర్ ఎంత త్వరగా నిండుతుందో, ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చెప్పే ఈ టైమ్ కాన్‌స్టంట్ అంటే "R ఇంటూ C" అని అందరికీ నోటికి వచ్చు. ఆ R ఏ R అన్నదే అసలు చిక్కు.

మొదలు, చివర

ఇలాంటి సర్క్యూట్‌ను పట్టుకున్నప్పుడు నేను ముందు ఈక్వేషన్ రాయను. మొదట్లో ఏముంది, చివరికి ఏమవుతుంది, ఈ రెండే చూస్తాను.

కెపాసిటర్‌లోకి వెళ్ళే కరెంటు దాని వోల్టేజి ఎంత అన్నదాన్ని బట్టి ఉండదు, ఆ వోల్టేజి ఎంత వేగంగా మారుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. i = C dv/dt అంటే అంతే. వోల్టేజి ఒక్క గంతులో మారాలంటే అనంతమైన కరెంటు కావాలి. దారిలో R1 ఉండగా అది జరగదు. కాబట్టి స్విచ్ వేసిన మరుక్షణం కూడా కెపాసిటర్ మీద సున్నా వోల్టులే. R2 దాని పక్కనే ఉంది గనుక R2 మీదా సున్నాయే, దానిలో కరెంటూ సున్నాయే. 12 వోల్టులూ R1 మీదే పడతాయి. 12ను 15 కిలోఓములతో భాగిస్తే 0.8 మిల్లీఆంపియర్లు. మొదటి క్షణంలో ఆ మొత్తం కెపాసిటర్‌లోకే పోతుంది.

చివరికి, అంటే స్విచ్ తీయకుండా చాలాసేపు అలాగే వదిలేస్తే, వోల్టేజి మారడం ఆగిపోతుంది. మార్పు లేకపోతే కెపాసిటర్‌లో కరెంటు లేదు. అది అక్కడ లేనట్టే. మిగిలింది R1, R2 వరసగా ఉన్న మామూలు వోల్టేజి డివైడర్. R2 వాటా 12 × 30/45, అంటే 8 వోల్టులు. 12 కాదు. మావాడు చివరి విలువ 12 అని వేశాడు, R2ను మొత్తానికే మర్చిపోయాడు. టైమ్ కాన్‌స్టంట్‌లో 15 వేసింది కూడా ఆ మరుపు వల్లే. రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

15 ఎందుకు 10 అయింది

ఇప్పుడు ఈక్వేషన్ రాద్దాం. R1, R2, C కలిసే చోట వోల్టేజి v అనుకుంటే, R1 లోంచి వచ్చిన కరెంటులో కొంత R2 లోంచి పోతుంది, మిగిలింది కెపాసిటర్‌కు చేరుతుంది:

```
C dv/dt = (12 - v)/15k - v/30k
        = (24 - 2v - v)/30k
        = (24 - 3v)/30k
        = (8 - v)/10k
```

చివరి వరుస దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సప్లైనీ రెసిస్టర్లనూ కలిపి ఒకే సప్లై, ఒకే రెసిస్టర్‌గా చూడొచ్చనే థెవెనిన్ సిద్ధాంతం పేరు మనం ఎత్తలేదు, ఏ ఫార్ములా గుర్తు తెచ్చుకోలేదు. లెక్క దానంతట అదే రెండు అంకెలు బయటపెట్టింది: 8 వోల్టులు, 10 కిలోఓములు. కెపాసిటర్‌కు సంబంధించినంతవరకు దాని ముందున్నది 12 వోల్టుల సప్లై, 15, 30 కిలోఓముల రెసిస్టర్లు కాదు. 8 వోల్టుల సప్లై, 10 కిలోఓముల ఒక్క రెసిస్టర్. ఆ 10 ఏమిటంటే 15, 30 పారలల్‌లో ఉంటే వచ్చేది: 15 × 30/45.

సిరీస్‌లో ఉన్నట్టు కనిపిస్తున్న R1, R2 పారలల్ ఎలా అయ్యాయి? మన కళ్ళు సప్లై వైపు నుంచి బొమ్మను చదువుతాయి, చిక్కు అక్కడే. కెపాసిటర్ కూర్చున్న చోటు నుంచి చూడండి. దాని పై కాలు నుంచి చార్జి బయటికి పోవడానికి రెండు దారులున్నాయి: R2 లోంచి గ్రౌండుకు, R1 లోంచి సప్లైకి. సప్లై ఎప్పుడూ 12 దగ్గరే బిగుసుకుని ఉంటుంది, ఎంత కరెంటు లాగినా తోసినా కదలదు. మార్పు విషయంలో కదలనిదంతా గ్రౌండు కిందే లెక్క. అందుకే R కనుక్కునేటప్పుడు వోల్టేజి సప్లైని తీసేసి అక్కడ వైరు పెట్టమంటారు. ఆ వైరు పెట్టాక రెండు రెసిస్టర్లూ పై కాలు నుంచి గ్రౌండుకే దిగుతాయి, అంటే పారలల్.

మావాడికి ఇంకో సందేహం వచ్చింది. మంచి సందేహం. "R2 అంటే లీకు లాంటిది కదా బాబాయ్. లీకు ఉంటే నిండటం ఆలస్యం కావాలి. మరి 15 నుంచి 10కి తగ్గుతుందేంటి?"

దీనికి నాకు నచ్చిన జవాబు బయల్దేరే వేగంలో ఉంది. మొదటి క్షణంలో R2లో కరెంటు సున్నా అని ముందే చూశాం. అంటే R2 ఉన్నా లేకపోయినా కెపాసిటర్‌లోకి మొదట వెళ్ళేది 0.8 మిల్లీఆంపియర్లే. 1000 మైక్రోఫారడ్లకు అది సెకనుకు 0.8 వోల్టుల వేగం. R2 లేకపోతే గమ్యం 12 వోల్టులు. అదే వేగంతో తిన్నగా పోతే 15 సెకన్లు. R2 ఉంటే గమ్యం 8 వోల్టులు. అదే వేగంతో 10 సెకన్లు. బయల్దేరిన వేగం ఒకటే, గమ్యం దగ్గరికి వచ్చింది. లీకు నింపడాన్ని వేగం చేయలేదు, ఎక్కడ ఆగాలో ఆ గీతను కిందికి దించింది. ఒక్కో వోల్టూ తీసుకుని చూస్తే లీకున్నదే వెనకబడుతుంది. 5 వోల్టులు చేరడానికి లీకు లేని సర్క్యూట్‌కు సుమారు 8 సెకన్లు చాలు, మన సర్క్యూట్‌కు దాదాపు 10 కావాలి.

టైమ్ కాన్‌స్టంట్ అంటే అసలు అర్థం కూడా ఇదే: మొదటి క్షణంలో ఉన్న వేగాన్ని అలాగే నిలుపుకుంటే గమ్యం చేరడానికి పట్టే సమయం. నిజానికి ఆ వేగం నిలవదు. పై ఈక్వేషన్‌ను dv/dt = (8 - v)/10 అని రాసి చదివితే, "ఇంకా ఎంత దూరం మిగిలి ఉందో దానిలో పదో వంతు, అదే ఈ క్షణాన వేగం" అని వస్తుంది. దగ్గరయ్యే కొద్దీ వేగం తగ్గుతుంది. 10 సెకన్లకు 8 చేరాల్సింది 5.06 దగ్గరే ఉంటుంది, అంటే గమ్యంలో 63.2 శాతం. ఇంకో 10 సెకన్లలో మిగిలిన దూరంలో 63.2 శాతం. ఇలా పోతూనే ఉంటుంది, లెక్క ప్రకారం ఎప్పటికీ చేరదు. ఐదు టైమ్ కాన్‌స్టంట్లు అయ్యాక, ఇక్కడ 50 సెకన్లకు, మిగిలింది 0.7 శాతం, అంటే 0.05 వోల్టు. అంతకంటే వేచి ఉండటం దండగ అనుకుని, వోల్టేజి మారుతూ ఉండే ఆ దశ, అంటే ట్రాన్సియెంట్, అయిపోయిందంటాం. ఐదు అన్నది ప్రకృతి పెట్టిన గీతేమీ కాదు, ఎంత తేడాను పట్టించుకోనక్కర్లేదో మనం పెట్టుకున్న లెక్క.

యూనిట్ల దగ్గర తడబడేవాళ్ళకు ఒక చిట్కా. కిలోఓములను మైక్రోఫారడ్లతో గుణిస్తే నేరుగా మిల్లీసెకన్లు వస్తాయి. 10 × 1000 = 10,000 మిల్లీసెకన్లు, అంటే 10 సెకన్లు. పది టు ది పవర్ మైనస్ ఆరులూ ప్లస్ మూడులూ రాసుకుంటూ పోతే ఎక్కడో ఒక సున్నా జారిపోతుంది. మావాడి రఫ్ పేజీలో ఒకచోట 0.01 సెకను అని కొట్టేసి ఉంది.

ఇక మొదటి భాగం ఆన్సర్ రాయడానికి మూడు అంకెలు చాలు: మొదటి విలువ 0, చివరి విలువ 8, టైమ్ కాన్‌స్టంట్ 10. చివరి విలువ రాసి, దానికి (మొదటిది మైనస్ చివరిది) ఇంటూ ఎక్స్‌పొనెన్షియల్ కలపడమే:

```
v(t) = 8 + (0 - 8) e^(-t/10) = 8 (1 - e^(-t/10)),   0 ≤ t ≤ 15
v(15) = 8 (1 - e^(-1.5)) = 6.215 V
```

స్విచ్ తీసిన క్షణం

15వ సెకనులో స్విచ్ తీశారు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, కెపాసిటర్ 8 వోల్టుల దగ్గర నుంచి డిశ్చార్జి మొదలవుతుందనుకోవడం. దానికి 8 చేరే టైమే ఇవ్వలేదు. ఒకటిన్నర టైమ్ కాన్‌స్టంట్ల దగ్గరే ఆపేశారు. కాబట్టి రెండో భాగానికి మొదటి విలువ 6.215 వోల్టులు. ఇచ్చినవాళ్ళు 15 సెకన్లు అని పెట్టింది కూడా ఇది పట్టుకోవడానికే అని నా అనుమానం. 100 సెకన్లని ఇచ్చి ఉంటే ఈ పొరపాటు బయటపడేది కాదు.

ఇప్పుడు కెపాసిటర్ దగ్గర కూర్చుని మళ్ళీ చూడండి. R1 అవతల వైరు తెగిపోయింది. ఆ దారి లేదు. మిగిలింది R2 ఒక్కటే. R 30 కిలోఓములు, టైమ్ కాన్‌స్టంట్ 30 సెకన్లు. చివరి విలువ సున్నా.

```
v(t) = 6.215 e^(-(t - 15)/30),   t ≥ 15
1 = 6.215 e^(-x/30)  →  x = 30 ln 6.215 = 54.8 s
```

స్విచ్ తీశాక 54.8 సెకన్లకు, అంటే మొదటి నుంచి లెక్కిస్తే 69.8వ సెకనులో, 1 వోల్టు అవుతుంది. ఎక్స్‌పొనెంట్‌లో t బదులు (t - 15) రాయడం మర్చిపోతే వోల్టేజి 15వ సెకనులో 6.215 నుంచి ఒక్కసారిగా 3.77కి పడిపోయినట్టు వస్తుంది. కెపాసిటర్ వోల్టేజి గంతు వేయదని ముందే అనుకున్నాం గనుక, రెండు ముక్కలూ 15 దగ్గర కలుస్తున్నాయా అని ఒక్కసారి అంకె వేసి చూస్తే ఈ తప్పు వెంటనే తెలిసిపోతుంది.

కరెంటు మాత్రం గంతు వేస్తుంది. స్విచ్ తీయడానికి ఒక్క క్షణం ముందు R1లో 0.386 మిల్లీఆంపియర్లు వస్తున్నాయి, అందులో 0.207 R2 లోంచి పోతోంది, మిగిలిన 0.179 కెపాసిటర్‌లోకి వెళ్తోంది. తీసిన మరుక్షణం R1లో సున్నా. కానీ R2 మీద వోల్టేజి మారలేదు, కాబట్టి దానికి ఇంకా అదే 0.207 కావాలి. అది ఇప్పుడు కెపాసిటరే ఇవ్వాలి. అంటే కెపాసిటర్ కరెంటు +0.179 నుంచి -0.207కి ఒక్క గంతులో దూకి దిశ మార్చుకుంది. R2కి ఈ గొడవేమీ తెలియదు, దాని కరెంటు గీత ఎక్కడా తెగకుండా సాగిపోతుంది. గ్రాఫు గీయమన్నప్పుడు చాలామంది కరెంటును కూడా నున్నగా ఒంపు తిప్పేస్తారు. అక్కడ మార్కులు పోతాయి.

సిమ్యులేటర్ ఎందుకు తిన్నని గీత చూపించింది

లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటానని మావాడు అదే రాత్రి ఎల్‌టీస్పైస్‌లో సర్క్యూట్ పెట్టాడు. పది నిమిషాలకు మళ్ళీ ఫోన్. "బాబాయ్, చార్జింగే కనపడట్లేదు. మొదటి నుంచీ 8 వోల్టుల దగ్గరే గీత తిన్నగా ఉంది!"

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ట్రాన్సియెంట్ అనాలిసిస్ మొదలుపెట్టే ముందు స్పైస్ ఒక పని చేస్తుంది: t = 0 దగ్గర సప్లైలు, స్విచ్‌లు ఎలా ఉన్నాయో చూసి, "ఇది ఎప్పటి నుంచో ఇలాగే ఉంది" అనుకుని డీసీ స్థితి లెక్కకడుతుంది. మావాడి స్విచ్ t = 0కి వేసే ఉంది. కాబట్టి కెపాసిటర్ ఎప్పుడో నిండిపోయిందనే అనుకుంది. ఆ లెక్క వద్దు, నేనిచ్చిన మొదటి విలువతోనే మొదలుపెట్టు అని చెప్పాలి. కెపాసిటర్ దగ్గర `IC=0`, `.tran` వరుసలో `UIC` చేసే పని అదే:

```
* RC assignment
V1 in 0 12
S1 in a ctl 0 SW
R1 a c 15k
R2 c 0 30k
C1 c 0 1000u IC=0
Vc ctl 0 PULSE(1 0 15 1m 1m 100 200)
.model SW SW(Ron=1 Roff=1G Vt=0.5)
.tran 0 80 0 0.05 UIC
.end
```

ఇలా నడిపాక V(c) గీత 15వ సెకను దగ్గర 6.2 చేరి, అక్కడ కోసుగా విరిగి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు తాపీగా ఉందని కంటికే తెలుస్తుంది.

ల్యాబ్‌లో అంకెలు కలవనప్పుడు

వారం తర్వాత ఇదే సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు మీద కట్టి రీడింగులు తీయమన్నారు. 1000 మైక్రోఫారడ్లు, 25 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, మల్టీమీటర్, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్. సెకన్లలో నడిచే సర్క్యూట్‌కు ఈ సరంజామా చాలు. ఒక్క జాగ్రత్త: ఆ కెపాసిటర్ పక్కన గీత ఉన్న కాలు నెగటివ్. తిప్పి పెడితే వేడెక్కి ఉబ్బుతుంది, పగిలినా పగులుతుంది.

వాడు తెచ్చిన అంకెలు ఇవి. చాలాసేపు వదిలేస్తే వోల్టేజి 7.90 దగ్గర ఆగింది. దానిలో 63.2 శాతం, అంటే 4.99 వోల్టులు చేరడానికి 11.4 సెకన్లు పట్టింది. తర్వాత స్విచ్ తీస్తే 7.90 ఉన్నది 30 సెకన్లకు 3.24, 60 సెకన్లకు 1.33 అయింది.

"10 రావాల్సింది 11.4 వచ్చింది బాబాయ్. 14 శాతం తప్పు. రీడింగులు మళ్ళీ తీయాలా?"

అక్కర్లేదు. ముందు డిశ్చార్జి అంకెలు చూడండి. 3.24ను 7.90తో భాగిస్తే 0.41. 1.33ను 3.24తో భాగిస్తే మళ్ళీ 0.41. సమానమైన వ్యవధిలో సమానమైన వంతు తగ్గుతోందంటే అది నిఖార్సైన ఎక్స్‌పొనెన్షియల్, రీడింగులు తీయడంలో తేడా లేదు. ఈ రెండు వంతులు వేరువేరుగా వచ్చి ఉంటే వాచీనో, కళ్ళనో, చివరి విలువనో అనుమానించాలి. 30ని ln(7.90/3.24)తో భాగిస్తే డిశ్చార్జి టైమ్ కాన్‌స్టంట్ 33.7 సెకన్లు. ఇదీ 30 కాదు, దాదాపు 12 శాతం ఎక్కువ.

ఇప్పుడు రెండింటి నిష్పత్తి తీయండి. 33.7/11.4 అంటే 2.96. లెక్క ప్రకారం అది 30/10, అంటే 3 రావాలి. దాదాపు వచ్చేసింది.

ఈ సర్క్యూట్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైన విషయం ఇదే. రెండు టైమ్ కాన్‌స్టంట్లలోనూ C ఒకటే, భాగించగానే కొట్టుకుపోతుంది. మిగిలేది (R1 + R2)/R1 మాత్రమే. కాబట్టి కెపాసిటర్ విలువ ఎంత తేడాగా ఉన్నా నిష్పత్తి 3 రావాల్సిందే. మావాడికి రెండూ ఒకే వైపు, ఇంచుమించు ఒకే శాతం పెరిగాయి, నిష్పత్తి చెక్కుచెదరలేదు. అంటే దోషం C లోనే. మీద 1000 అని రాసి ఉన్నా అది సుమారు 1140 మైక్రోఫారడ్లు. ఎలక్ట్రోలిటిక్‌లకు ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం తేడా మామూలే, 800 నుంచి 1200 దాకా ఏదైనా రావచ్చు. అదే నిష్పత్తి 2కో 4కో పోయి ఉంటే కెపాసిటర్ మీద తోసేయడానికి వీల్లేదు. రెసిస్టర్ రంగులు తప్పు చదివారా, R2 కాలు పక్క వరుసలో గుచ్చారా అని వెతకాలి. లేదా అందరూ చేసే ఇంకో పని చేసి ఉంటారు: స్విచ్ తీయడానికి బదులు సప్లై బటన్ ఆపేయడం. చాలా సప్లైలు ఆపేసినా లోపల దారి తెగదు, R1 లోంచి వెనక్కి కొంత కరెంటు పోతూనే ఉంటుంది. అప్పుడు డిశ్చార్జి కూడా 30 కాకుండా 10 వైపుకు జారి, నిష్పత్తి 1కి దగ్గరవుతుంది.

మరి 8 బదులు 7.90 ఎందుకు? ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ నిండాక కూడా కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది, లీకేజి. 10 కిలోఓములలో 0.1 వోల్టు పడిందంటే 10 మైక్రోఆంపియర్లు పోతోందన్నమాట. రెసిస్టర్లకు ఉండే 5 శాతం తేడా కూడా ఇందులో కలిసి ఉండొచ్చు, ఈ ఒక్క రీడింగుతో రెండింటినీ విడదీయలేం.

ఇక్కడ నా సొంత కథ ఒకటి. నేను చదివేటప్పుడు ల్యాబ్‌లో 1 మెగాఓమ్, 10 మైక్రోఫారడ్లతో ఈ ప్రయోగం ఇచ్చారు. అదీ 10 సెకన్లే. ఎందుకో నేను మల్టీమీటర్ బదులు ఆసిలోస్కోపును నేరుగా కేబుల్‌తో తగిలించాను. 12 వోల్టులు రావాల్సింది 6 దగ్గరే ఆగింది, టైమ్ కాన్‌స్టంట్ 5 సెకన్లు వచ్చింది. రికార్డులో "కెపాసిటర్ పాడైంది" అని రాసి సంతకానికి తీసుకెళ్ళాను. సార్ ఏమీ అనకుండా స్కోపు ముందు పలక మీద ఇన్‌పుట్ సాకెట్ పక్కనున్న చిన్న అక్షరాలు చూపించారు: 1 MΩ. నేను కొలిచే పరికరమే R2 అయి కూర్చుంది. ఈ సర్క్యూట్‌లో 15, 30 కిలోఓములే గనుక 10 మెగాఓములుండే మల్టీమీటర్ వల్ల ఏమీ తేడా రాదు. రెసిస్టర్లు మెగాఓములకు చేరితే మీటర్‌ను కూడా సర్క్యూట్ బొమ్మలో గీసుకోవాలి.

మావాడు అన్నీ సర్దేసి, రెండోసారి రీడింగులకని కెపాసిటర్ కాళ్ళ మధ్య వైరు ముక్క అద్ది, సున్నా చేశాననుకుని పక్కన పెట్టాడు. టీ తాగొచ్చి మీటర్ పెడితే 0.2 వోల్టు చూపిస్తోంది. ఎవరూ ముట్టుకోలేదు. ఎలక్ట్రోలిటిక్‌లలో ఇది జరుగుతుంది: లోపలి పొరలో ఇంకిపోయిన కొంత చార్జి వైరు అద్దిన ఆ ఒక్క క్షణంలో బయటికి రాదు, తర్వాత మెల్లగా ఊరి కాళ్ళ మీదికి చేరుతుంది. వైరు ముక్కను ఒక నిమిషం అలాగే ఉంచి, తీశాక మీటర్‌లో ఎంతుందో చూసి, ఆ అంకెనే మొదటి విలువగా వేసుకోమన్నాను. ఈసారి వాడి లెక్క 0తో కాదు, 0.03తో మొదలైంది.